రేవు మెట్టు మీద ఇత్తడి బిందె: నీటిలో ప్రతిబింబం అతకడం లేదు

క్యాలెండర్ మేస్త్రి

అందరికీ నమస్కారం. ఇత్తడి సామాన్ల దుకాణం వారికి గోడ క్యాలెండర్ చేస్తున్నాను. అట్ట మీద బొమ్మ ఇది: చెరువు రేవు, నీటికి అన్నింటికన్నా దగ్గరి మెట్టు మీద ఒక ఇత్తడి బిందె, కింద నీటిలో దాని ప్రతిబింబం. రేవు ఫోటో మా ఊరి చెరువుది, నేనే తీశాను. బిందెను దుకాణంలో విడిగా తీసి, కత్తిరించి మెట్టు మీద పెట్టాను. రెండూ ఒకే లెన్సుతో, దాదాపు ఒకే ఎత్తు నుంచి తీసినవే.

చిక్కంతా ప్రతిబింబంతోనే. గింప్‌లో బిందె లేయర్‌కు నకలు తీసి, Flip Vertically కొట్టి, మెట్టు అంచు కింద పెట్టి, అపాసిటీ తగ్గించి, పైన Ripple ఫిల్టర్ వేశాను. చూసిన వాళ్లందరూ ఏదో తేడాగా ఉందంటున్నారు కానీ అదేమిటో చెప్పలేకపోతున్నారు. మెట్టు మీద ఒక బిందె, నీళ్లలో ఇంకో బిందె ఉన్నట్టుందని దుకాణం యజమాని అన్నారు.

కొలతలు కూడా రాస్తున్నాను. నీటి మట్టం నుంచి మెట్టు 15 సెం.మీ. ఎత్తు. బిందె 30 సెం.మీ. ఎత్తు. అది మెట్టు అంచుకు 20 సెం.మీ. వెనకగా ఉన్నట్టు పెట్టాను. కెమెరా నీటి మట్టానికి సుమారు 120 సెం.మీ. పైన, మెట్టుకు మూడు మీటర్ల దూరంలో ఉంది. ఎక్కడ దిద్దాలో చెప్పగలరా?

కెమెరా కామేశం

దీనికి కంప్యూటర్ పని ఎందుకండీ? లెన్సుకు పోలరైజర్ తగిలించి మెల్లగా తిప్పండి, నీటి మీద ప్రతిబింబం మాయమవుతుంది. నీటి ఉపరితలానికి 37 డిగ్రీల కోణంలో చూస్తే బాగా పనిచేస్తుంది. నేను చెరువుల ఫోటోలు అన్నీ అలాగే తీస్తాను.

క్యాలెండర్ మేస్త్రి

కామేశం గారూ, నాకు ప్రతిబింబం తీసెయ్యడం కాదు, పెట్టడం కావాలి.

లేయర్ల లచ్చన్న

ఇది నేను రోజూ చేసే పనే. అపాసిటీ తగ్గిస్తే చాలదు, లేయర్ మోడ్ మార్చాలి. ప్రతిబింబం అంటే వెలుగు, కాబట్టి ఎప్పుడూ Screen. తరువాత లేయర్ మాస్క్ మీద పై నుంచి కిందికి గ్రేడియంట్ లాగి, చివర పూర్తిగా మాయమయ్యేలా చేయండి. Ripple లో అలల ఎత్తు కొంచెం పెంచండి. అంతే.

గాజుకన్ను

మేస్త్రి గారూ, కొలతలు ఇచ్చారు కాబట్టి పని తేలికైంది. యజమాని మాట అక్షరాలా నిజం. మీరు నీటిలో రెండో బిందెనే పెట్టారు. తలకిందులు చేసిన ఫోటో వేరు, ప్రతిబింబం వేరు.

మీరు నిలబడి చూస్తున్నారు కాబట్టి పై బొమ్మలో బిందె మూతి లోపలి భాగం కనిపిస్తోంది. నీటిలో కనిపించే బిందెను మీ కన్ను చూసేది పై నుంచి కాదు, కింద నుంచి. నీటి మట్టానికి 120 సెం.మీ. కిందికి కెమెరాను దించి పైకి చూస్తే ఏది కనిపిస్తుందో, అదే ప్రతిబింబంలో కనిపించాలి. అక్కడ మూతి లోపలి భాగం కనిపించదు. మూతి అంచు అడుగు వైపు, మెడ కింది వంపు కనిపిస్తాయి. మీ బొమ్మలో నీటిలోని బిందెకు కూడా మూతి లోపల చీకటి కనిపిస్తోంది. చూసిన వాళ్ల కంటికి తగులుతున్న తేడాల్లో మొదటిది అదే.

రెండోది ప్రతిబింబం మొదలయ్యే చోటు. మీరు దాన్ని మెట్టు అంచుకే అతికించారు. బిందె నీటిని తాకడం లేదు కదా. ముందు మెట్టు నిలువు ముఖం ప్రతిబింబం రావాలి, అది 15 సెం.మీ. మీ రేవు ఫోటోలో అది ఎలాగూ ఉంది. దాని కింద బిందె మొదలవుతుంది, అదీ అడుగు నుంచి కాదు. బిందె అంచుకు వెనకగా ఉంది కాబట్టి దాని అడుగు భాగాన్ని మెట్టు ప్రతిబింబం దాచేస్తుంది. ఎంత దాస్తుందో లెక్క చిన్నదే. బిందె వెనక్కి జరిగిన దూరాన్ని, కెమెరా ఎత్తు, మెట్టు ఎత్తు కలిపిన మొత్తంతో గుణించి, మెట్టు దాకా ఉన్న దూరంతో భాగించాలి.

```
20 × (120 + 15) ÷ 300 = 9
```

అంటే అడుగున 9 సెం.మీ. కనిపించదు. 30 సెం.మీ. బిందెలో పై 21 సెం.మీ. మాత్రమే నీటిలో కనిపించాలి. మీరు మొత్తం బిందెను చూపించారు.

క్యాలెండర్ మేస్త్రి

కళ్లకు కట్టినట్టు చెప్పారండీ. కానీ మూతి లోపలి భాగం తీసేసి అంచు అడుగు వైపు చూపించాలంటే బొమ్మ గీయాలి కదా? నాకు అంత చేయి లేదు. ఇత్తడి మెరుపులు గీయడం మరీ కష్టం.

గాజుకన్ను

గీయనక్కరలేదు. బిందె ఇంకా దుకాణంలోనే ఉందిగా, మరో ఫోటో తీయండి. 135 సెం.మీ. ఎత్తున్న పిట్టగోడ కానీ, అల్మరా కానీ చూసుకోండి. బిందెను గోడ అంచుకు 20 సెం.మీ. వెనక్కి పెట్టండి. కెమెరాను గోడకు మూడు మీటర్ల దూరంలో నేల మీద పెట్టి పైకి చూస్తూ తీయండి. లెన్సు ఎత్తు నేలకు ఎంత దగ్గరగా ఉంటే లెక్క అంత సరిపోతుంది. అదే లెన్సు, అదే జూమ్. పై ఫోటోకు కెమెరాను ఎంత కిందికి వంచారో ఇక్కడ అంత పైకి వంచాలి.

ఇప్పుడు ఆ ఫోటోను తలకిందులు చేయండి. అంచు అడుగు వైపు కనిపిస్తుంది, మూతి లోపల కనిపించదు, పిట్టగోడ అంచు అడుగున 9 సెం.మీ. తనంతట తానే దాచేస్తుంది. సైజు కూడా సరిపోతుంది, ఎందుకంటే దూరాలన్నీ అవే. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, మొదటి ఫోటోలో వెలుగు ఎడమ నుంచి వచ్చి ఉంటే ఇక్కడా ఎడమ నుంచే రావాలి. తలకిందులు చేసినప్పుడు ఎడమ కుడులు మారవు.

లక్కబొమ్మ

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను ఏటికొప్పాక లక్క సామాన్లు అమ్ముతాను. కుంకుమ భరిణెను నల్లటి నిగనిగలాడే బల్ల మీద పెట్టినట్టు చూపించాలి. నీళ్లు లేవు, అలలు లేవు, మెట్టు లేదు, భరిణె బల్లను తాకుతూనే ఉంది. అయినా తలకిందుల నకలు పెడితే రెండు పక్కలా సందు కనిపిస్తోంది, మధ్యలో మాత్రం అతుకుతోంది. పైకి జరిపితే మధ్యలో భరిణె మీదికి ఎక్కుతోంది. ఇదీ అదే జబ్బా?

గాజుకన్ను

అదే జబ్బు, కాకపోతే మీ దగ్గర ఇంకా స్పష్టంగా బయటపడింది. పై నుంచి చూస్తే గుండ్రటి అడుగు ముందు అంచు కిందికి వంగిన విల్లులా కనిపిస్తుంది. తలకిందులు చేస్తే ఆ విల్లు పైకి వంగుతుంది. రెండు విల్లులు నడుమ ఒక్క బిందువు దగ్గరే కలుస్తాయి. నిజమైన ప్రతిబింబంలో అడుగు అంచు ఒక్కటే, భరిణెకూ ప్రతిబింబానికీ ఉమ్మడిగా.

లక్క సామాన్లలో ఇంకో సాక్ష్యం ఉంటుంది, చూడండి. లేత్ మీద తిప్పుతూ రంగు వేస్తారు కాబట్టి భరిణె చుట్టూ అడ్డంగా రంగు పట్టీలు ఉంటాయి. పై నుంచి చూస్తే అవన్నీ కిందికి వంగి కనిపిస్తాయి, కిందికి వెళ్లే కొద్దీ వంపు పెరుగుతుంది. ప్రతిబింబంలో పట్టీలు ఇంకా కింద ఉన్నాయి కాబట్టి ఇంకా ఎక్కువ వంగాలి, అదీ కిందికే. మీ నకలులో పైకి వంగి ఉంటాయి.

భరిణె చిన్నది కాబట్టి గింప్‌లో Warp Transform తోనే సరిదిద్దవచ్చు. భరిణె అడుగు విల్లు లోతు 20 పిక్సెళ్లు అనుకుందాం. నకలులో రెండు పక్కలనూ 40 పిక్సెళ్లు పైకి లాగితే అంచులు కలుస్తాయి. 20 కాదు, 40, ఎందుకంటే నకలు విల్లు ఎదురు దిక్కుకు వంగి ఉంది. బ్రష్ పెద్దది పెట్టుకుని, అడుగు అంచును మాత్రమే కాకుండా కింది పట్టీలను కూడా అదే ఊపులో పైకి లాగండి. మూత పై భాగం నకలులో కనిపిస్తే కత్తిరించేయండి. బల్ల మీద ప్రతిబింబంలో మూత పై భాగం ఎన్నటికీ కనిపించదు.

లేయర్ల లచ్చన్న

బల్లకు Screen మోడ్ పనికొస్తుందా లేదా? ఆ మాట దాటేశారు.

గాజుకన్ను

లచ్చన్న గారూ, దాటెయ్యలేదు, వస్తున్నాను. నల్ల బల్ల, వెనక చీకటి గోడ అయితే మీ మాట సరే. బల్ల మీద ముందే ఏ ప్రతిబింబమూ లేదు, కాబట్టి భరిణె వెలుగు బల్ల రంగుకు కలుస్తుంది. Screen అదే చేస్తుంది.

కానీ మేస్త్రి గారి నీటి మీద ఆకాశం ప్రతిబింబం ముందే ఉంది. బిందె అడ్డం వచ్చిన చోట ఆకాశం ప్రతిబింబం ఉండకూడదు, దాని బదులు బిందె కనిపించాలి. బిందె నీడవైపు భాగం ఆకాశం కన్నా చీకటిగా ఉంటుంది, అంటే అక్కడ నీరు ముందుకన్నా నల్లబడాలి. Screen ఎప్పటికీ నల్లబరచలేదు. అందుకే Normal మోడ్ పెట్టి, ప్రతిబింబం వెలుగును Curves తో తగ్గించుకోవడమే మంచిది. తెల్లటి నిగనిగల బల్ల మీదా ఇదే సమస్య. అక్కడ ప్రతిబింబం కనిపించేదే గోడ తెలుపును వస్తువు అడ్డుకోవడం వల్ల.

కామేశం గారి పోలరైజర్ మాట కూడా ఇక్కడ పనికొస్తుంది. రేవు ఫోటో పోలరైజర్‌తో తీసి ఉంటే నీటిలో ఆకాశం, మెట్టు ఏవీ కనిపించవు. అలాంటి నీటిలో బిందె ఒక్కటే మెరిస్తే అది పరాయిదిగానే ఉంటుంది.

లేయర్ల లచ్చన్న

ఒప్పుకుంటాను. కానీ చివర మాయమయ్యే గ్రేడియంట్ మాత్రం తప్పు కాదు. ఏ కంపెనీ ప్రకటన చూసినా అలాగే ఉంటుంది.

గాజుకన్ను

ప్రకటనల్లో ఉండేది అలవాటు. నీటి విషయంలో సగం నిజం ఉంది. నీటిని నిటారుగా పై నుంచి చూస్తే పడిన వెలుగులో సుమారు 2 శాతమే తిరిగి వస్తుంది. చూపు నీటికి సమాంతరంగా వాలే కొద్దీ అది పెరిగి దాదాపు మొత్తం తిరిగి వస్తుంది. ప్రతిబింబం కింది కొస మనకు దగ్గర కాబట్టి అక్కడ చూపు కొంచెం నిటారవుతుంది, మసకబారుతుంది. అయితే మేస్త్రి గారి కొలతలకు లెక్క వేస్తే మెట్టు దగ్గర సుమారు 10 శాతం, బిందె మూతి దగ్గర సుమారు 7 శాతం వస్తుంది. తగ్గుదల అంతే. సున్నాకు దిగిపోయే గ్రేడియంట్ ఇక్కడ నప్పదు.

ఈ శాతాలను అపాసిటీ గడిలో కొట్టకండి, అవి దానికి సరిపోవు. మీ ఫోటోలోనే కొలబద్ద ఉంది. మెట్టు రాయి ఎంత వెలుగుగా ఉంది, దాని ప్రతిబింబం ఎంత వెలుగుగా ఉంది, రెండు చోట్లా రంగు తీసి చూడండి. రాయిని ఆ ప్రతిబింబంలా మార్చే Curves వంపు ఏదో, దాన్నే బిందెకు వేయండి. చెరువు పచ్చదనం కూడా దానితో పాటే వస్తుంది. అవతలి గట్టు చెట్లను కొలతగా తీసుకోకండి. అక్కడ చూపు బాగా వాలి ఉంటుంది కాబట్టి ప్రతిబింబం మరీ కాంతిగా ఉంటుంది.

పడవ సరంగు

ఫోటోల పని నాకు తెలియదు. గోదావరి మీద పడవ నడిపిన వాడిని, నీటి సంగతి చెబుతాను. అలలు ప్రతిబింబాన్ని అడ్డంగా కన్నా నిలువుగానే ఎక్కువ చెదరగొడతాయి. రాత్రి అవతలి ఒడ్డున దీపం వెలిగితే, నీటిలో అది చుక్కలా ఉండదు, మన పడవ వైపు పొడవుగా సాగుతుంది. వరద నీరైతే అసలు ప్రతిబింబమే సరిగా రాదు, ఎర్రటి బురద రంగే పైకి తేలుతుంది. ఆ బురద నీటి మీద మాత్రం నీడ పడుతుంది, తేటనీటి మీద పడదు. మీ చెరువు ఏ రంగులో ఉందో చూసుకోండి.

లేయర్ల లచ్చన్న

నిలువుగానా? నేను చూసిన పాఠాలన్నింటిలోనూ ప్రతిబింబాన్ని పక్కలకే వణికించమని ఉంది.

గాజుకన్ను

సరంగు గారు చెప్పిందే నిజం. మన వైపు, అవతలి వైపు వాలే అలలు ప్రతిబింబాన్ని నిలువుగా లాగుతాయి, పక్కకు వాలేవి అడ్డంగా లాగుతాయి. చూపు నీటికి వాలి ఉన్నప్పుడు నిలువు లాగుడే ఎక్కువ. ఎంత ఎక్కువ అనేది చూపు ఎత్తును బట్టి మారుతుంది. మేస్త్రి గారి బొమ్మలో నిలువు అడ్డానికి రెండింతలకు పైనే ఉండాలి. నేనైతే మూడింతలతో మొదలుపెట్టి కంటితో సరిచూసుకుంటాను.

మేస్త్రి గారూ, ఇక Ripple ఫిల్టర్ సంగతి. అది పై నుంచి కింది దాకా ఒకే సైజు అలలు వేస్తుంది. అందుకే మీ బొమ్మలో నీరు ఇంటి పైకప్పు రేకులా ఉంది. దాన్ని తీసేయండి. మీ చెరువు ఫోటోలో అలలు ఎలాగూ ఉన్నాయి, వాటితోనే పని చేయించుకుందాం.

ప్రతిబింబం పడే నీటి భాగాన్ని కొత్త లేయర్‌గా నకలు తీయండి. రంగు తీసేసి నలుపు తెలుపు చేయండి. చిన్న చుక్కలు పోయేలా రెండు మూడు పిక్సెళ్ల Gaussian Blur వేయండి. హిస్టోగ్రామ్‌లో Mean చూస్తూ, Levels తో దాన్ని 128 దగ్గరికి తీసుకురండి. ఇదే మీ అలల పటం. తరువాత ప్రతిబింబం లేయర్ మీద Filters > Map > Displace తెరిచి, పటంగా ఈ లేయర్‌ను చూపించండి. మూడు వేల పిక్సెళ్ల బొమ్మకు X విలువ 4, Y విలువ 12 తో మొదలుపెట్టవచ్చు. ఫోటోషాప్ వాళ్లకు ఇది Filter > Distort > Displace లో ఉంటుంది, పటాన్ని PSD ఫైలుగా విడిగా భద్రపరచాలి.

128 ఎందుకంటే, ఆ బూడిద రంగు దగ్గర ఏదీ జరగదు. అంతకన్నా తెలుపైతే ఒక వైపుకు, నలుపైతే ఎదురు వైపుకు జరుగుతుంది. పటం మొత్తం మీద వెలుగు ఎక్కువగా ఉంటే ప్రతిబింబమంతా ఒకే వైపుకు జరిగిపోతుంది. మెట్టు దగ్గర సన్నని చీలిక కనిపిస్తే కారణం అదే అనుకోండి.

లక్కబొమ్మ

నా బల్లకు అలలు లేవు కదా, నాకు ఇందులో ఏదైనా పనికొస్తుందా?

గాజుకన్ను

పనికొస్తుంది, అదే చెప్పబోతున్నాను. వస్తువులో ఒక బిందువు ఆ ఉపరితలానికి ఎంత దూరంగా ఉంటే దాని ప్రతిబింబం అంత ఎక్కువగా చెదురుతుంది. తాకే చోట చెదరదు. మీ బల్ల ఎంత నిగనిగలాడినా పైన కంటికి కనిపించని గరుకు ఉంటుంది, కాబట్టి అడుగు దగ్గర పట్టీలు పదునుగా, మూత దగ్గర మసకగా ఉండాలి. మొత్తం ప్రతిబింబానికి ఒకే Blur వేస్తే భరిణె బల్లను తాకుతున్నట్టు అనిపించదు. నకలును రెండు లేయర్లు చేయండి, ఒకటి పదునుగా, ఒకటి బాగా మసకగా. వాటి నడుమ గ్రేడియంట్ మాస్క్ పెడితే సరిపోతుంది.

నీటికీ అంతే. మేస్త్రి గారి అలల పటం మీద 128 బూడిద రంగు లేయర్ ఒకటి వేసి, దానికి మాస్క్‌గా గ్రేడియంట్ పెట్టాలి. నీరు మెట్టును తాకే గీత దగ్గర బూడిద పూర్తిగా కప్పేయాలి, కిందికి వచ్చే కొద్దీ పలచబడాలి. రెండింటినీ కలిపేశాక Displace వేయండి. మెట్టు గీత కదలదు, బిందె మూతి బాగా చెదురుతుంది.

క్యాలెండర్ మేస్త్రి

పిట్టగోడ మీద పెట్టి ఫోటో తీశాను. నేల మీద పడుకుని తీస్తుంటే దుకాణంలో పనివాళ్లు వింతగా చూశారు. తలకిందులు చేసి పెట్టగానే సగం సమస్య పోయింది. అలల పటం కూడా కుదిరింది, మొదట చీలిక వచ్చింది, Mean చూస్తే 150 ఉంది, దించగానే పోయింది.

ఒకటి మిగిలింది. నీటిలో ప్రతిబింబం పక్కన తెల్లటి మెరుపు ఒకటి ఉంది. పైన బిందె పొట్ట మీద కూడా దుకాణం దీపం మెరుపు ఉంది. రేవు ఫోటో మాత్రం మబ్బు పట్టిన పూట తీసింది.

గాజుకన్ను

మబ్బు పూట అంత పదునైన మెరుపు ఉండదు. రెండు చోట్లా తగ్గించండి. నున్నటి ఇత్తడి అద్దంతో సమానం, చుట్టూ ఉన్నదంతా పట్టి చూపిస్తుంది. వీలైతే ఆరుబయట మబ్బు పూట రెండు ఫోటోలూ మళ్లీ తీస్తే ఈ బాధ ఉండదు. దుకాణం దీపాలు పొట్ట మీద ఉన్నంత సేపు ఎంత దిద్దినా కొంచెం తెలుస్తూనే ఉంటుంది.

కెమెరా కామేశం

ఇంత శ్రమ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు. బిందెను చెరువుకే తీసుకెళ్లి మెట్టు మీద పెట్టి తీస్తే అన్నీ వాటంతట అవే వచ్చేవి. లక్కబొమ్మ గారికి కూడా అదే మాట. నల్ల యాక్రిలిక్ పలక కొని దాని మీద భరిణె పెట్టి తీయండి. గాజు పలక వద్దు. దాని పై ముఖం నుంచి ఒకటి, కింది ముఖం నుంచి ఒకటి, రెండు ప్రతిబింబాలు వస్తాయి. నల్ల యాక్రిలిక్‌లో రెండోది పలకలోనే ఇంకిపోతుంది.

లక్కబొమ్మ

యాక్రిలిక్ మాట బాగుంది, కానీ నా దగ్గర పాత ఫోటోలు చాలా ఉన్నాయి, ఆ సామాన్లు అమ్ముడైపోయాయి. వాటికి Warp తప్పదు. పక్కలు 40 పిక్సెళ్లు లాగితే అంచు కలిసింది. చెక్క పెట్టెలు కూడా ఉన్నాయి, మూల మన వైపు తిరిగి ఉన్నవి. వాటికీ ఇలాగే వంచాలా?

గాజుకన్ను

పెట్టెకు వంపు వద్దు. కనిపించే రెండు ముఖాలనూ విడివిడిగా కత్తిరించి, ఒక్కొక్కటీ తలకిందులు చేసి, Shear తో దాని అడుగు గీతకు అతికేలా వాల్చండి. నిలువు గీతలు నిలువుగానే ఉండాలి. ముందు మూల దగ్గర రెండు ముక్కలూ కలవాలి.

క్యాలెండర్ మేస్త్రి

యజమానికి చూపించాను. నచ్చింది, కానీ బిందె ముందు నీటిలో గుండ్రటి వలయాలు కూడా పెట్టమంటున్నారు. అప్పుడే నీళ్లు ముంచి పెట్టినట్టు ఉండాలట.

గాజుకన్ను

బిందె మెట్టు మీద ఉంది, నీటిని తాకడం లేదు. వలయాలు ఎక్కడి నుంచి వస్తాయి? నేనైతే పెట్టను.

లేయర్ల లచ్చన్న

బిందె అంచు నుంచి చుక్క రాలిందనుకోండి. మెట్టు కింద నీటిలో ఆ చుక్క పడిన చోట ఒక వలయం వేయవచ్చు. డబ్బు ఇచ్చేది యజమాని, గాజుకన్ను గారు కాదు.

పడవ సరంగు

చుక్క రాలాలంటే బిందె తడిసి ఉండాలి. మీ ఫోటోలో అది పొడిగా ఉంది. మెట్టు కూడా పొడిగానే ఉంది.

క్యాలెండర్ మేస్త్రి

బిందె మీద నీళ్లు చిలకరించి మళ్లీ రెండు ఫోటోలూ తీయమంటారా? మబ్బు పూట ఆరుబయట ఎలాగూ తీయాలి.

గాజుకన్ను

తీయండి. తడి ఇత్తడి మీద మెరుపులు వేరుగా ఉంటాయి, అవి కింది ఫోటోలో కూడా పడాలి. రెండు ఫోటోల నడుమ బిందె ఆరిపోకుండా చూసుకోండి. మెట్టును కూడా చుక్క పడే మేర తడిపిన ఫోటో కావాలి. వలయం వేస్తే మాత్రం గుండ్రంగా వేయకండి. మీ కెమెరా ఎత్తుకు అది అడ్డంగా సాగిన అండాకారంలో ఉండాలి, ఎత్తు వెడల్పులో సగం కన్నా తక్కువ. దాన్ని బొమ్మ మీద తెల్ల గీతగా కాకుండా అలల పటంలోనే గీసి Displace వేయండి, అప్పుడు బిందె ప్రతిబింబం కూడా వలయం దగ్గర వంగుతుంది.